లోన్ తీరింది సరే, ఆర్సీలో, పాలసీలో బ్యాంకు పేరు పోయిందా? హెచ్‌పీ తీయించుకోవడం ఎలా

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా బాబాయి కారు ఇంటి ముందే సీట్లు మునిగేంత నీళ్లలో మూడు రోజులు ఉండిపోయింది. షెడ్డులో రిపేరు అంచనా 3,60,000 రూపాయలు వచ్చింది. పాలసీలో కారు విలువ, అంటే ఐడీవీ, 4,20,000. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే, అంటే ఇక్కడ 3,15,000 దాటితే, దాన్ని టోటల్ లాస్ కింద చూస్తారు. సర్వేయరు అదే రాశాడు. ఇక డబ్బు చేతికొస్తుందని అందరం అనుకున్నాం.

వారం తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లు ఫోన్ చేసి, పాలసీలో ఫైనాన్సరు పేరు ఉంది కాబట్టి బ్యాంకు ఎన్ఓసీ కావాలన్నారు. ఆర్సీలో హెచ్‌పీ, అంటే బండి మీద బ్యాంకుకు హక్కు ఉందని చెప్పే ఎంట్రీ, కూడా తీసేసి ఉండాలన్నారు. బాబాయి బిత్తరపోయాడు. ఆయన లోన్ 2023 మార్చిలోనే తీరిపోయింది. "అప్పే లేనప్పుడు బ్యాంకు ఎందుకొచ్చిందిరా మధ్యలో?" అని నన్నడిగాడు. బీరువాలో వెతికితే బ్యాంకు పంపిన కవరు దొరికింది. లోపల ఎన్ఓసీ, ఫామ్ 35 మడత కూడా నలగకుండా ఉన్నాయి. ఎన్ఓసీ కింద చిన్న అక్షరాల్లో "ఇచ్చిన తేదీ నుంచి 90 రోజుల వరకే చెల్లుతుంది" అని ఉంది. అది వచ్చి అప్పటికి ఏడాదిన్నర.

కాగితాలన్నీ మళ్లీ తెప్పించి డబ్బు అందేసరికి ఇంకో రెండు నెలలు పట్టింది. బాబాయి తప్పు ఒక్కటే. ఈఎంఐలు అయిపోతే పేరు దానంతట అదే పోతుందనుకున్నాడు. మీ బండికి అలా జరగకుండా ఏం చూసుకోవాలో, ఏ క్రమంలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

బ్యాంకు పేరు ఎక్కడెక్కడ ఉంటుంది

హెచ్‌పీ అని మనం అనేది హైపోథికేషన్‌నే. అంటే బండి మీ దగ్గరే ఉంటుంది, మీ పేరు మీదే ఉంటుంది, కానీ అప్పు తీరేదాకా దాని మీద బ్యాంకుకు హక్కు ఉంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 51 ప్రకారం ఆ హక్కును ఆర్టీఓ రికార్డులో ఎక్కిస్తారు. ఆ ఎంట్రీ ఉన్నంతకాలం బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప బండి ఇంకొకరి పేరుకు మారదు. ఎంట్రీ వేయడానికి ఫామ్ 34, తీసేయడానికి ఫామ్ 35.

అదే పేరు ఇన్సూరెన్స్ పాలసీలో కూడా పడుతుంది. పాలసీ కాగితంలో ఎండార్స్‌మెంట్ల, అంటే పాలసీకి జతచేసే షరతులు, మార్పుల వరుసలో `IMT-7` అని కనిపిస్తే అదే. దాని సారాంశం ఇది: బండి దొంగతనానికి గురైనా, టోటల్ లాస్ అయినా, అంటే రిపేరు చేయించి ఇచ్చే అవకాశం లేనప్పుడు, క్లెయిము డబ్బు ముందు బ్యాంకుకు వెళ్తుంది. బ్యాంకు రశీదు ఇస్తే ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత తీరిపోయినట్టే. బంపరు పగిలి షెడ్డులో బాగు చేయించుకున్న చిన్న క్లెయిముల్లో ఇది ఎక్కడా అడ్డు రాదు. అందుకే చాలామందికి పాలసీలో ఆ పేరు ఉన్నట్టే తెలియదు. పెద్ద నష్టం జరిగిన రోజే బయటపడుతుంది.

ముఖ్యమైన సంగతేమిటంటే బ్యాంకు రికార్డు, ఆర్టీఓ రికార్డు, ఇన్సూరెన్స్ కంపెనీ రికార్డు మూడూ వేర్వేరు. ఒకచోట అప్పు తీరినట్టు రాసినంత మాత్రాన మిగతా రెండు చోట్ల పేరు చెరిగిపోదు. కొన్ని పెద్ద బ్యాంకులు ఎన్ఓసీని ఆన్‌లైన్‌లోనే ఆర్టీఓ సిస్టంకి పంపుతున్నాయి. అయినా పని పూర్తయిందో లేదో చూసుకోవాల్సింది మనమే.

మొదట ఇప్పుడున్న పరిస్థితి చూసుకోండి

లోన్ ఇంకా నడుస్తున్నా, తీరిపోయినా, ముందు పది నిమిషాలు కూర్చుని మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకోండి: ఆర్సీ, ఇన్సూరెన్స్ పాలసీ, లోన్ అగ్రిమెంట్. ఆర్సీ కార్డు ఒక్కటే నమ్మొద్దు, అది ప్రింటు తీసిన రోజు నాటి మాట. ఎంపరివాహన్ యాప్‌లో గానీ డిజిలాకర్‌లో గానీ ఆర్సీ తెరిచి ఫైనాన్సరు పేరు ఏముందో చూడండి.

లోన్ నడుస్తున్నవాళ్లు కూడా దీన్ని చూడాలి. డీలరు హడావుడిలో ఫైనాన్సరు పేరు ఎక్కించకుండానే రిజిస్ట్రేషన్ అయిపోయిన బండ్లు ఉంటాయి. అప్పుడు బ్యాంకు నుంచి హెచ్‌పీ పడిన ఆర్సీ ఇవ్వమని నోటీసు వస్తుంది. పేరు లేకపోతే మనకే మంచిదిగా అనిపించొచ్చు. కానీ హెచ్‌పీ వేయించి ఇస్తానని అగ్రిమెంటులో మీరు సంతకం పెట్టి ఉంటారు, దాని మీద పెనాల్టీ వేసే క్లాజు కూడా సాధారణంగా ఉంటుంది. వెంటనే ఫామ్ 34తో వేయించేయండి.

తర్వాత ఛాసిస్ నంబరు చూడండి. ఇప్పటి బండ్ల ఛాసిస్ నంబర్లో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. అందులో ఇంగ్లిషు అక్షరాలు ఐ, ఓ, క్యూ వాడరు, 1తో, సున్నాతో కలిసిపోతాయని. కాబట్టి మీ లోన్ కాగితంలోనో, పాలసీలోనో ఛాసిస్ నంబరు మధ్యలో ఇంగ్లిషు `O` కనిపిస్తే అక్కడ సున్నా ఉండాలి, టైపు చేసినవాళ్లు పొరబడ్డారని అక్కడికక్కడే తెలిసిపోతుంది. బ్యాంకు రికార్డులో ఈ తప్పు ఉంటే రేపు ఎన్ఓసీ మీదా అదే వస్తుంది. లోన్ నడుస్తుండగానే ఆర్సీ కాపీ ఇచ్చి సరిచేయించుకోవడం తేలిక.

లోన్ క్లోజ్ చేసేటప్పుడు

చివరి ఈఎంఐ కట్టగానే లోన్ క్లోజ్ అయిందనుకోకండి. బాబాయి విషయంలో కూడా ముందు ఇదే జరిగింది. ఎప్పుడో ఒక నెల ఖాతాలో డబ్బు లేక ఈఎంఐ బౌన్స్ అయింది. ఈఎంఐ తర్వాత కట్టాడు గానీ బౌన్స్ ఛార్జీ 500, దాని మీద 18 శాతం జీఎస్టీ 90, మొత్తం 590 రూపాయలు లోన్ ఖాతాలో బాకీగా ఉండిపోయింది. అది కట్టేదాకా ఎన్ఓసీ జనరేట్ కాలేదు.

అందుకని చివరి వాయిదాకు పది రోజుల ముందే లోన్ స్టేట్‌మెంట్ తీసుకుని ఈఎంఐ కాకుండా ఇంకేమైనా బాకీ ఉందేమో చూడండి. ముందే మొత్తం కట్టేస్తున్నట్టయితే ఫోర్‌క్లోజర్ లెటర్ అడగండి. అందులో ఏ తేదీ వరకు ఎంత కట్టాలో ఉంటుంది. ఆ తేదీ దాటి కడితే రోజువారీ వడ్డీ తేడా మిగిలిపోతుంది. డబ్బు కట్టాక ఆటో డెబిట్ మాండేట్ రద్దయిందో లేదో కూడా కనుక్కోండి.

అదే బ్యాంకులో మీకు ఇంకో లోన్ ఉండి, అందులో వాయిదాలు తప్పి ఉంటే ఈ బండి ఎన్ఓసీ ఆపే అవకాశం ఉంది. మీరు వేరేవాళ్లకు హామీ సంతకం పెట్టి ఉన్నా అంతే. చాలా అగ్రిమెంట్లలో దానికి క్లాజు ఉంటుంది. ఆలస్యానికి కారణం చెప్పకుండా తిప్పుతుంటే ఈ సంగతి సూటిగా అడగండి.

ఇక్కడ మీకు పనికొచ్చే నిబంధన ఒకటుంది. రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబరు 13న ఇచ్చిన ఆదేశం ప్రకారం, వ్యక్తిగత రుణాల విభాగంలో అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు అసలు కాగితాలన్నీ తిరిగివ్వాలి, రిజిస్టరు చేసిన ఛార్జీ ఉంటే దాన్ని తొలగించాలి. తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. సొంత వాడకానికి తీసుకున్న బండి లోను ఈ విభాగంలోకే వస్తుంది. లారీ, గూడ్స్ ఆటో లాంటి వ్యాపార వాహనాల లోన్లు రావు. కాబట్టి "వచ్చే నెల రండి" అన్నప్పుడు ఊరుకోకుండా, లోన్ తీరిన తేదీ రాసి ఈమెయిల్ పెట్టండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

కవరు వచ్చిన రోజే విప్పి చదవండి

బ్యాంకు నుంచి రావాల్సినవి ఇవి: ఆర్టీఓ పేరు మీద ఎన్ఓసీ, ఇన్సూరెన్స్ కంపెనీ పేరు మీద ఇంకో ఎన్ఓసీ లేదా లెటరు, బ్యాంకు స్టాంపు, సంతకంతో ఫామ్ 35 రెండు కాపీలు. బ్యాంకు బాకీ లేదని ఇచ్చే నో డ్యూ సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకుని ఆర్టీఓ ఆఫీసుకు వెళ్తే పని కాదు. ఫామ్ 35లో బండి ఓనరు, ఫైనాన్సరు ఇద్దరూ సంతకం పెట్టి ఒప్పందం ముగిసిందని చెప్పాలి. మీ సంతకం చోటు ఖాళీగా ఉంటుంది, మర్చిపోకండి.

ఇంకో గందరగోళం ఎన్ఓసీ అనే మాటతోనే వస్తుంది. బండిని వేరే రాష్ట్రానికి తీసుకెళ్లడానికి ఆర్టీఓ ఇచ్చేదాన్ని కూడా ఎన్ఓసీ అనే అంటారు, అది ఫామ్ 28. కౌంటర్లో "ఎన్ఓసీ కోసం వచ్చాను" అంటే అదేననుకుంటారు. "హెచ్‌పీ క్యాన్సిలేషన్" అని చెప్పండి.

కవరు విప్పగానే ఆర్సీ పక్కన పెట్టి రిజిస్ట్రేషన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, మీ పేరు వేలు పెట్టి ఒక్కో అక్షరం చదవండి. తర్వాత ఎన్ఓసీ గడువు తేదీని క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి.

ఆపైన ఫైనాన్సరు పేరు. పాత లోన్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. బాబాయికి ఒక స్కూటీ కూడా ఉంది. కారు గొడవ నడుస్తుండగా అనుమానమొచ్చి దాని ఆర్సీ చూస్తే అందులోనూ హెచ్‌పీ ఉంది, ఆంధ్రా బ్యాంక్ పేరుతో. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. ఆర్సీలో పాత పేరు, ఎన్ఓసీలో కొత్త పేరు ఉంటే ఆర్టీఓ ఆఫీసులో రెండూ ఒకటేనా అని అడుగుతారు. కాబట్టి ఎన్ఓసీ అడిగేటప్పుడే "పూర్వపు ఆంధ్రా బ్యాంక్" అనే మాట అందులో రాయమని, పాత లోన్ నంబరు కూడా వేయమని అడగండి. పాత శాఖ మూసేసినా, వేరే శాఖలో కలిపేసినా రికార్డు ఎక్కడికో ఒకచోటికి వెళ్లే ఉంటుంది. లోన్ నంబరు చెబితే ఏ శాఖ అయినా వెతకగలదు. అందుకే లోన్ తీరి ఎన్నేళ్లయినా హెచ్‌పీ పోయేదాకా ఆ అగ్రిమెంట్ కాగితం పారేయకూడదు.

ఆర్టీఓ దగ్గర హెచ్‌పీ తీయించడం

ముందు ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులో ఉన్నాయా, చలాన్లు ఏమైనా పెండింగ్‌లో ఉన్నాయా చూసుకోండి. ఇవి సరిగా లేకపోతే అప్లికేషన్ ముందుకు పోకపోవచ్చు. ఆర్సీకి లింకైన ఫోన్ నంబరు మీ దగ్గర ఉందో లేదో కూడా చూడండి. ఓటీపీ దానికే వస్తుంది. చాలా బండ్లకు కొన్న రోజున డీలరు తన నంబరో, కుర్రాడి నంబరో ఇచ్చేసి ఉంటాడు. అలా ఉంటే ముందు నంబరు మార్పించుకోవాలి.

తర్వాత `parivahan.gov.in`లో వాహన సేవల్లోకి వెళ్లి, రాష్ట్రం ఎంచుకుని, బండి నంబరు, ఛాసిస్ నంబరులో చివరి ఐదు అక్షరాలు ఇవ్వాలి. ఓటీపీ వచ్చాక సేవల జాబితాలో `Hypothecation Termination` ఎంచుకోండి. పక్కనే హెచ్‌పీ వేయించేది, కొనసాగించేది కూడా ఉంటాయి, తొందరలో వాటి మీద టిక్ పెట్టకండి. తెలంగాణలో రాష్ట్ర రవాణా శాఖ సొంత వెబ్‌సైట్‌లోనే స్లాట్ తీసుకునే పద్ధతి నడుస్తూ వచ్చింది. మీ బండి ఏ సిస్టంలో ఉందో ఆ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టగానే తెలుస్తుంది. ఫీజు ఎంతో స్క్రీన్ మీదే చూపిస్తుంది, అక్కడే కట్టండి. రశీదు పీడీఎఫ్ దాచుకోండి. అందులోని అప్లికేషన్ నంబరుతోనే తర్వాత స్టేటస్ చూడాలి.

స్లాట్ రోజున ఒరిజినల్ ఆర్సీ, ఎన్ఓసీ, ఫామ్ 35 రెండు కాపీలు, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఆధార్, ఫీజు రశీదు తీసుకెళ్లండి. ఇచ్చేముందు ఎన్ఓసీనీ ఫామ్ 35నూ ఫోన్లో ఫొటో తీసుకోండి, ఒరిజినల్స్ తిరిగి రావు. ఏజెంటు లేకుండా చేసుకోగలిగిన పనే ఇది. మీ వీలు కొద్దీ ఏజెంటుకు ఇచ్చినా, బ్యాంకు కవరు మొత్తం చేతికివ్వకండి. ఇన్సూరెన్స్ కంపెనీకి ఇవ్వాల్సిన లెటరు అందులోనే పోతుంది.

అప్రూవ్ అయిందని మెసేజ్ వచ్చాక యాప్‌లో ఆర్సీ మళ్లీ తెరవండి. ఫైనాన్సరు చోటు ఖాళీగా ఉండాలి. కొత్త కార్డు ప్రింటై పోస్టులో రావడానికి ఆలస్యమవుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. రికార్డు మారడమే అసలు పని.

బండి అమ్మేస్తుంటే హెచ్‌పీ తీయడం, పేరు మార్చడం రెంటికీ ఒకేసారి అప్లై చేయొచ్చు. అయినా ముందు హెచ్‌పీ తీసేసి అమ్మడమే మేలంటాను. లేకపోతే కొన్నవాళ్లు కాగితాలు తీసుకెళ్లి పేరు మార్పించుకోకుండా ఉంచేస్తారు. బండి వాళ్ల దగ్గర, రికార్డులో పేరు మీది.

పాలసీలో పేరు తీయించడం

ఆర్సీ మారాక ఆగిపోయేవాళ్లే ఎక్కువ. అసలు డబ్బు చేతులు మారేది మాత్రం పాలసీ కాగితం చూసి.

ఇన్సూరెన్స్ కంపెనీకి ఈమెయిల్‌లో పాలసీ నంబరు, బ్యాంకు ఎన్ఓసీ, హెచ్‌పీ లేని కొత్త ఆర్సీ కాపీ జతచేసి "హైపోథికేషన్ తొలగించి ఎండార్స్‌మెంట్ ఇవ్వండి" అని రాయండి. దీనికి ప్రీమియం మారదు. చిన్న ఛార్జీ అడగొచ్చు. కొన్ని కంపెనీలు ఎన్ఓసీ ఒక్కటి ఉన్నా చేసేస్తాయి, కొన్ని ఆర్సీ మారాకే చేస్తాయి. ఎలా ఉన్నా లోన్ తీరిన వెంటనే మెయిల్ పెట్టి ఉంచండి. "మా రికార్డులో మార్చేశాం సార్" అని ఫోన్లో చెబితే చాలదు. ఎండార్స్‌మెంట్ పేజీ పీడీఎఫ్ రావాలి, అందులో అమల్లోకి వచ్చే తేదీ ఉండాలి, `IMT-7` పోవాలి.

రెన్యూవల్ అప్పుడు ఇంకో చోట జాగ్రత్త కావాలి. ఆన్‌లైన్‌లో రెన్యూ చేస్తే నిరుటి వివరాలన్నీ ముందే నింపి ఉంటాయి. బండి మీద లోన్ ఉందా అనే చోట ఉందనే టిక్, బ్యాంకు పేరు అలాగే ఉంటాయి. బాబాయి పాలసీ లోన్ తీరాక రెండుసార్లు రెన్యూ అయింది, రెండుసార్లూ నేనే ఫోన్లో చేశాను. డబ్బు కట్టే పేజీ దాకా వేలితో కిందికి జరుపుకుంటూ పోయాను, ఆ టిక్ చూడలేదు. ఇప్పుడు ఎవరి పాలసీ రెన్యూ చేసినా ముందు అదే చూస్తాను.

లోన్‌తో పాటు మీ ప్రాణం మీద లోన్ ప్రొటెక్షన్ పాలసీ కూడా అంటగట్టి ఉంటే అది వేరే లెక్క. దాని ప్రీమియం లోన్ మొత్తంలోనే కలిపి ఉంటారు కాబట్టి చాలామందికి గుర్తుండదు. శాంక్షన్ లెటర్లో చూడండి. గడువుకు ముందే లోన్ తీర్చేస్తే, మిగిలిన కాలానికి సరెండర్ విలువ ఎంత వస్తుందో ఆ జీవిత బీమా కంపెనీని రాతపూర్వకంగా అడగండి. పాలసీ బ్యాంకు పేరు మీద అసైన్ చేసి ఉంటే, తిరిగి మీ పేరు మీదకు రీఅసైన్ చేయించుకోవాలి. దానికీ బ్యాంకు లెటరే కావాలి. అందుకే ఎన్ఓసీ అడిగినప్పుడే అదీ అడగండి.

ఎన్ఓసీ గడువు దాటిపోయి ఉంటే

మా బాబాయి ఉన్న చోట మీరుంటే, ఎన్ఓసీ మళ్లీ ఇవ్వమని బ్యాంకులో అర్జీ పెట్టండి. లోన్ నంబరు, క్లోజ్ అయిన తేదీ, పాత ఎన్ఓసీ కాపీ, ఆర్సీ కాపీ జతచేయండి. దీన్ని బ్యాంకులు డూప్లికేట్ లేదా రీవాలిడేటెడ్ ఎన్ఓసీ అంటాయి, ఛార్జీ ఉండొచ్చు. కవరే పోయి ఉంటే కొన్ని బ్యాంకులు ఇండెమ్నిటీ బాండు, అంటే తర్వాత ఏ నష్టం వచ్చినా మీదే బాధ్యతని రాసిచ్చే కాగితం, అడుగుతాయి.

క్లెయిము మధ్యలో ఉన్నప్పుడు ఇంకో పని కూడా చేయాలి. క్లెయిము మొత్తం నేరుగా పాలసీదారుకే ఇవ్వడానికి తమకు అభ్యంతరం లేదని, క్లెయిము నంబరు వేసి బ్యాంకు చేత లెటరు రాయించుకోవాలి. మామూలు ఎన్ఓసీలో ఈ వాక్యం ఉండదు. మేం మొదటిసారి అది లేకుండానే ఇచ్చి, ఇంకో పన్నెండు రోజులు పోగొట్టుకున్నాం. ఆ లెటరు అందాక డబ్బు బ్యాంకు దాకా వెళ్లకుండా బాబాయి ఖాతాలోనే పడింది. ఈలోగా ఆర్టీఓలో హెచ్‌పీ తీయించాం. కారు తుక్కు కొన్నవాళ్లకు ఆర్సీ ఇవ్వాలన్నా అది పోయి ఉండాల్సిందే.